"అవును" అంటే అవుననే అర్థమా? స్ట్రోక్ తర్వాత అఫేజియా ఉన్న మనిషితో మాట్లాడడం

స్ట్రోక్ వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి తిరిగొచ్చిన మనిషికి మాట సరిగ్గా రాకపోతే చుట్టూ ఉన్నవాళ్ళు సాధారణంగా రెండు నిర్ణయాల్లో ఒకదానికి వస్తారు. "పాపం, అంతా అర్థమవుతోంది, నోటి మాట ఒక్కటే రావడం లేదు" అనేది మొదటిది. "మనిషికి ఏమీ తెలియడం లేదు, మతి పోయింది" అనేది రెండోది. అఫేజియా ఉన్న చాలామంది విషయంలో ఈ రెండూ తప్పే. మొదటిది నమ్మినవాళ్ళు గబగబా పెద్ద వాక్యాలు మాట్లాడేసి, ఆయన తల ఊపాడు కాబట్టి ఒప్పుకున్నాడనుకుంటారు. రెండోది నమ్మినవాళ్ళు ఆయన ముందే ఆయన గురించి, ఆయన లేనట్టు మాట్లాడుకుంటారు. మొదటిది ప్రేమతో చేసే పొరపాటు కాబట్టి దాన్ని పట్టుకోవడమే ఎక్కువ కష్టం.

అఫేజియా అంటే మెదడులో భాషను నడిపే భాగాలు దెబ్బతినడం వల్ల వచ్చే ఇబ్బంది. స్ట్రోక్ వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందిలో, ముఖ్యంగా తొలి రోజుల్లో, ఇది ఏదో ఒక స్థాయిలో కనిపిస్తుంది. కుడిచేతి వాటం ఉన్నవారిలో నూటికి 95 మందికి, ఎడమచేతి వాటం వారిలో కూడా ఎక్కువమందికి భాష పని ప్రధానంగా మెదడు ఎడమ వైపే జరుగుతుంది. ఆ వైపు రక్తం అందించే మధ్య మెదడు ధమనిలో గడ్డ అడ్డుపడితే కుడి చెయ్యి, కుడి కాలు బలహీనపడడంతో పాటు మాట కూడా దెబ్బతినడం అందుకే. జ్ఞాపకాలు, మనుషుల్ని గుర్తుపట్టడం, ఇష్టాయిష్టాలు, మంచిచెడ్డల విచక్షణ చాలావరకు నిలిచే ఉంటాయి. వాటికీ మాటకీ మధ్య దారి తెగుతుంది.

దీన్ని మాట ముద్దగా రావడంతో కలిపేయకూడదు. నోరు, నాలుక, గొంతు కండరాలు బలహీనపడితే మాట నలిగిపోయినట్టు వస్తుంది. దాన్ని డిసార్థ్రియా అంటారు. అందులో భాషకు ఏమీ కాదు. అతను చెప్పేది అర్థం కాకపోతే కాగితం ఇస్తే చాలు, శుభ్రంగా రాసి చూపిస్తాడు. అఫేజియాలో అలా కుదరదు. మాట్లాడడం, విని అర్థం చేసుకోవడం, చదవడం, రాయడం అనే నాలుగూ ఒకే భాషా వ్యవస్థ మీద ఆధారపడినవి కాబట్టి నాలుగూ ఎంతో కొంత దెబ్బతింటాయి. చాలా ఇళ్ళలో మొదట చేసే పని ఒక పలకో, అక్షరాల చార్టో తెచ్చి "ఏం కావాలో రాసి చూపించు" అనడం. నోటితో పదం దొరకని మనిషికి చేతితోనూ ఆ పదం దొరకదు. పలక ముందు పెట్టుకుని ఒక గీత గీసి ఆగిపోయిన మనిషిని చూసి "చదువు కూడా మర్చిపోయాడు" అని ఇంట్లోవాళ్ళు కుంగిపోతారు. రెండు జబ్బులూ కలిసి వచ్చేవాళ్ళూ ఉంటారు కాబట్టి, ఏది ఎంత ఉందో స్పీచ్ థెరపిస్ట్ చేత పరీక్ష చేయించుకోవడం మంచిది.

మాట రెండు రకాలుగా విరుగుతుంది

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, "టాన్" అనే ఒక్క శబ్దం తప్ప దాదాపు ఇంకేమీ పలకలేని ఒక రోగి మెదడును అతను చనిపోయాక పరీక్షించి, ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బను చూపించాడు. 1874లో జర్మనీకి చెందిన కార్ల్ వెర్నికే, ధారాళంగా మాట్లాడుతూ అర్థం లేని మాటలు చెప్పే రోగుల్లో ఎడమ వైపు వెనక భాగం దెబ్బతిన్నదని గుర్తించాడు. ఈ రెండు పేర్లూ ఇప్పటికీ ఆసుపత్రి కాగితాల్లో కనిపిస్తాయి. అయితే ఆ పేర్లను మెదడు పటంలో రెండు చుక్కలుగా అనుకుంటే పొరపాటే. బ్రోకా చూపించిన చిన్న భాగం ఒక్కటే దెబ్బతింటే మాట కొద్ది వారాల్లోనే చాలావరకు తిరిగొస్తుందని తర్వాత తేలింది. ఏళ్ళ తరబడి ఉండే బ్రోకా అఫేజియా వెనుక సాధారణంగా చుట్టుపక్కల చాలా పెద్ద భాగానికి తగిలిన దెబ్బ ఉంటుంది.

బ్రోకా రకంలో మాట ఒక్కొక్కటిగా, బలవంతంగా, మధ్యలో పెద్ద విరామాలతో వస్తుంది. "నిన్న పెద్దబ్బాయితో కలిసి ఆసుపత్రికి వెళ్ళాను" అనాల్సిన చోట "నిన్న... అబ్బాయి... ఆసుపత్రి..." అని ఆగిపోతుంది. పేర్లు వస్తాయి. వాటిని కలిపే ప్రత్యయాలు, క్రియ చివరి రూపాలు తప్పిపోవడమో, ఒకదాని బదులు ఇంకోటి రావడమో జరుగుతుంది. తను సరిగ్గా చెప్పలేకపోతున్న సంగతి ఆ మనిషికి బాగా తెలుసు. కోపం, ఏడుపు ఎక్కువగా కనిపించేది అందుకే.

వెర్నికే రకంలో దీనికి తలకిందులుగా ఉంటుంది. మాట ఆగకుండా వస్తుంది, స్వరంలో హెచ్చుతగ్గులు మామూలుగానే ఉంటాయి, పక్క గదిలోంచి వింటే ఎవరో సాధారణంగా మాట్లాడుతున్నట్టే అనిపిస్తుంది. దగ్గరికొచ్చి వింటే "కుర్చీ" బదులు "బల్ల", "కళ్ళజోడు" బదులు "కళ్ళతోడు", మధ్యలో ఏ భాషలోనూ లేని పదాలు దొర్లుతుంటాయి. ఎదుటివాళ్ళ మాట సరిగ్గా అందదు, తన మాట తప్పుతున్న సంగతీ మొదట్లో తెలియదు. వీళ్ళను మతిభ్రమించినవారిగా పొరబడడం ఎక్కువ. కుడి చెయ్యి కూడా బాగానే పనిచేస్తుంటే అది స్ట్రోక్ అని అనుమానం కూడా రాకుండా రోజులు గడిచిపోవచ్చు.

పదం తట్టకపోవడం ఒక్కటే ఉండే తేలిక రకం, అన్నీ దెబ్బతిన్న తీవ్రమైన రకం కూడా ఉన్నాయి. నిజానికి చాలామంది ఏ ఒక్క పెట్టెలోనూ పూర్తిగా ఇమడరు, నెలలు గడిచేకొద్దీ రకం మారుతుంది కూడా. ఇంట్లోవాళ్ళకు రకం పేరు కన్నా రెండు ప్రశ్నలు ముఖ్యం: ఎంత అర్థమవుతోంది? "అవును, కాదు" అనే జవాబుల్ని నమ్మవచ్చా?

అర్థమైనట్టు ఎందుకు అనిపిస్తుంది

చేతిలో కంచంతో వచ్చి "భోజనానికి రండి" అంటే ఆయన లేచి వస్తాడు. మందుల డబ్బా చూపిస్తూ "వేసుకుందామా" అంటే చెయ్యి చాపుతాడు. ఇంట్లోవాళ్ళు దీన్ని చూసి విన్నది బాగానే అర్థమవుతోందనుకుంటారు. అక్కడ పని చేసింది మాట కాదు. కంచం, డబ్బా, సమయం, గొంతులోని స్వరం, ఇన్నేళ్ళ అలవాటు ఇవన్నీ కలిసి పని చేశాయి. ఆ ఆసరాలేవీ లేకుండా, కనిపించని విషయం గురించి మాట్లాడినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. "రేపు తమ్ముడు రావడం లేదు, ఎల్లుండి వస్తాడట, కాబట్టి డాక్టర్ దగ్గరికి శుక్రవారం వెళ్దాం" అనే వాక్యంలో మూడు రోజులు, ఒక "లేదు", ఒక కారణం ఉన్నాయి. అఫేజియా ఉన్న మనిషికి అందులోంచి "తమ్ముడు", "డాక్టర్" అనే రెండు పదాలు మాత్రమే చేరవచ్చు. ఆయన తల ఊపుతాడు. శుక్రవారం వచ్చాక ఎందుకు తయారవ్వమంటున్నారో తెలియక కోప్పడతాడు.

బ్రోకా రకంలో విన్నది బాగానే అర్థమవుతుందని అంటారు. అది మాట్లాడడంతో పోలిస్తే మాత్రమే. తెలుగులో ఎవరు ఎవరిని అనేది చాలాసార్లు ఒక చిన్న ప్రత్యయం మీదే నిలబడుతుంది. "అన్నని తమ్ముడు పిలిచాడు" అన్నప్పుడు పిలిచింది తమ్ముడని చెప్పేది ఆ "ని" ఒక్కటే. ఆ "ని" చెవిన పడినా పట్టు దొరకని మనిషి, మొదట విన్న పేరునే చేసినవాడిగా తీసుకుంటాడు. "అన్నం తమ్ముడు తిన్నాడు" అనే వాక్యంలో ఈ ప్రమాదం లేదు, ఎందుకంటే అన్నం తమ్ముణ్ణి తినదు. కాబట్టి ఇద్దరు మనుషులు ఉండే వాక్యాలను మామూలు వరుసలో, చేసినవాణ్ణి ముందు పెట్టి, పొట్టిగా చెప్పడం మంచిది: "తమ్ముడు పిలిచాడు. అన్నని పిలిచాడు."

ఇక "అవును, కాదు". అఫేజియాలో ఈ రెండు పదాలు తారుమారు కావడం చాలా మామూలు. మనసులో "కాదు" ఉండి నోటికి "అవును" రావచ్చు. తల అడ్డంగా ఊపుతూ నోటితో "అవును" అనవచ్చు. తల ఊపు కూడా తప్పవచ్చు. ఇంకొందరు ప్రశ్న అర్థం కాకపోయినా, ఎదుటివాళ్ళ ముఖంలో ఆశ చూసి ఒప్పుకుంటారు. దీన్ని కనిపెట్టడానికి ఒక మార్గం ఉంది. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు కొన్ని, అవును జవాబుగా ఉండేవి సగం, కాదు జవాబుగా ఉండేవి సగం, కలగలిపి అడగాలి. "ఇది మన ఇల్లేనా?" "నేను మీ చెల్లెలినా?" "మీ అబ్బాయి పేరు ఇదేనా?" అన్నట్టు. పదింటికి ఐదు సరిపోయాయంటే ఆ జవాబుల్ని నమ్మలేం, నాణెం ఎగరేసినా దాదాపు అన్నే వస్తాయి. తొమ్మిదో పదో సరిపోతే ఆ దారిని నమ్ముకోవచ్చు. ఇది ఒకసారి, ప్రశాంతంగా ఉన్న పూట, ఎందుకు అడుగుతున్నారో చెప్పి చేసే పని. వచ్చిన ప్రతి చుట్టమూ "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టడం వేరే సంగతి, అది అవమానం.

ప్రశ్న ఎలా అడిగామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. "మందు వేసుకోలేదా?" అంటే "అవును" అన్న జవాబుకు వేసుకున్నాడనా, వేసుకోలేదనా? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మధ్యే ఇది తికమక. "మందు వేసుకున్నారా?" అని నేరుగా అడగాలి. "కాఫీ కావాలా, టీ కావాలా?" అన్న ప్రశ్నకు "అవును" అని జవాబొస్తే అది మొండితనం కాదు. చాలామంది చివర విన్న పదాన్నే తిరిగి అంటారు కూడా. రెండు వస్తువులూ చూపించి అడిగితే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది.

కాగితం మీద నడిచే సంభాషణ

కెనడాలోని టొరంటోలో ఆరా కేగన్ అనే స్పీచ్ థెరపిస్ట్, ఆమె తోటివారు ఒక పద్ధతిని తయారుచేశారు. అఫేజియా ఉన్న మనిషికి కాకుండా, ఆయనతో మాట్లాడే మనిషికి శిక్షణ ఇవ్వడం ఇందులోని ఆలోచన. 2001లో వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో, శిక్షణ పొందిన వాలంటీర్లతో మాట్లాడినప్పుడు అఫేజియా ఉన్నవాళ్ళు సంభాషణలో మెరుగ్గా పాల్గొన్నారు, వాళ్ళకు నేరుగా ఏ శిక్షణా ఇవ్వకపోయినా. ఇంట్లోవాళ్ళకు ఇందులో పనికొచ్చేది చాలా ఉంది. మొదట "మీకు తెలుసని నాకు తెలుసు" అన్న సంగతి ఆ మనిషికి నోటితోనే చెప్పాలి. తర్వాత చెప్పాల్సింది ఆయనకు చేరేలా చూడాలి, ఆయన చెప్పేది బయటికి వచ్చే దారి చూపించాలి, చివరగా వచ్చినది సరైనదేనా అని సరిచూసుకోవాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ చివరి మెట్టునే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అరవై దాటిన ఒక తండ్రి, బ్రోకా రకం అఫేజియా, కుడి చెయ్యి బలహీనం, స్ట్రోక్ వచ్చి మూడు నెలలు. సాయంత్రం కూతురితో "బండి... బండి..." అంటున్నాడు. "బయటికి వెళ్దామా నాన్నా?" అని ఆమె అడిగితే "అవును" అంటాడు, కానీ లేవడు. "బండి పాడయిందా?" అంటే విసుగ్గా తల తిప్పేస్తాడు. ఇక్కడ చాలామంది ఊహలు పెంచుకుంటూ పోతారు, ఆయన కోపం కూడా పెరుగుతూ పోతుంది, చివరికి ఇద్దరూ మానేస్తారు.

కూతురు ఊహించడం ఆపి టీవీ కట్టేసింది. ఎదురుగా కూర్చుని, "మీరు ఏదో ముఖ్యమైనది చెబుతున్నారు. అది నాకు అందలేదు. నెమ్మదిగా చూద్దాం" అంది. తెల్ల కాగితం మీద మందమైన పెన్నుతో, పెద్ద అక్షరాలతో, ఒకదాని కింద ఒకటిగా రాసింది: మనుషులు, డబ్బు, ఆరోగ్యం, వేరే. ఒక్కొక్కటి చదువుతూ వేలితో చూపించింది. పక్కపక్కన కాకుండా కిందకు రాయడానికి కారణం ఉంది. ఎడమ మెదడు స్ట్రోక్‌లో కొందరికి కుడి వైపు చూపు తగ్గుతుంది, కుడి పక్కన రాసిన పదం వాళ్ళకు లేనట్టే. "వేరే" అన్నది తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఆయనకు కావలసింది మనం ఇచ్చిన జాబితాలో లేదని చెప్పే అవకాశమే ఉండదు.

ఆయన ఎడమ చేతి వేలు "డబ్బు" మీద పెట్టాడు. ఆమె ఆ పదం చుట్టూ గుండ్రంగా గీసి, జాబితా కింద "బండి" అని రాసింది. రెండూ ఒకే విషయమా అని అడిగింది, ఆయన రెండింటినీ తట్టాడు. కొత్త కాగితం తీసుకుంది: అమ్మాలి, కొనాలి, కట్టాలి, వేరే. "కట్టాలి" దగ్గర వేలు ఆగింది. మళ్ళీ కొత్త కాగితం: అప్పు, రిపేరు, ఇన్సూరెన్స్, వేరే. "ఇన్సూరెన్స్" కనిపించగానే ఆయన ముఖం విప్పారింది, "ఆఁ... అదే... ఇన్సు..." అని సగం పదం కూడా వచ్చింది. తేదీ అడగలేదు ఆమె, గోడమీది క్యాలెండర్ తీసి ముందు పెట్టింది. ఆయన 18 మీద వేలు పెట్టాడు.

ఇప్పుడు సరిచూడాలి. "బండి ఇన్సూరెన్స్. కట్టాలి. 18 లోపల." అని ఒక్కో పదాన్ని చూపిస్తూ చదివింది. "అవును" అన్నాడు. ఆ అవునుతో ఆగకుండా, "ఆరోగ్య ఇన్సూరెన్సా?" అని కావాలనే తప్పు ప్రశ్న వేసింది. "కాదు కాదు" అన్నాడు, "బండి" మీద వేలు నొక్కాడు. రెండు వైపుల నుంచీ అడిగితే జవాబు ఒకటే వచ్చింది కాబట్టి నమ్మవచ్చు. ఇందుకు పట్టింది పావుగంట. మొదట ఆయన అన్న "బండి" తప్పు పదం కాదు, సరైన పదమే. దాని పక్కన ఉండాల్సిన మిగతా వాక్యం రాలేదు, అంతే.

చదవడం దెబ్బతిన్నవాళ్ళతో రాసిన పదాలేం ఉపయోగం అన్న అనుమానం రావచ్చు. పేరా చదవలేని మనిషి కూడా విడిగా ఉన్న పెద్ద పదాన్ని, అందులోనూ అదే సమయంలో చెవిన పడుతున్న పదాన్ని, చాలాసార్లు గుర్తుపడతాడు. పలికిన మాట గాల్లో కలిసిపోతుంది, రాసిన పదం ఎదురుగానే ఉంటుంది, తిరిగి చూసుకోవచ్చు. అది కూడా కుదరకపోతే బొమ్మ గీయడం, ఫోన్‌లోని ఫొటోలు, అసలు వస్తువులు, సైగలు ఉన్నాయి. గీసిన బొమ్మ అందంగా ఉండనక్కర్లేదు.

మాట ఆగని మనిషితో

వెర్నికే రకంతో ఇంట్లోవాళ్ళు చేసే మొదటి పొరపాటు, అర్థం కాలేదని తెలిసిన కొద్దీ ఇంకా ఎక్కువ మాటల్లో, ఇంకా గట్టిగా వివరించడం. చెవి బాగానే ఉంది, మాట ఎక్కువైతే బరువు ఎక్కువవుతుంది. ఇక్కడ మాటలు తగ్గించి చూపించడం పెంచాలి. స్నానానికి వెళ్ళాలంటే తువ్వాలు చేతికివ్వడం, డాక్టర్ దగ్గరికంటే డాక్టర్ ఫైలు చూపించి క్యాలెండర్ మీద తేదీ చూపించడం. విషయం మార్చినప్పుడు ఆ సంగతి విడిగా చెప్పాలి: "భోజనం అయిపోయింది. ఇప్పుడు డాక్టర్ గురించి." విషయం మారిందని తెలియక పాత విషయానికే జవాబు చెబుతూ పోవడం వీళ్ళలో చాలా ఎక్కువ.

వాళ్ళ మాటల్లో పదాలు దొరకకపోయినా స్వరం దొరుకుతుంది. కోపంగా ఉన్నారా, భయపడుతున్నారా, జోక్ వేస్తున్నారా అన్నది తెలుస్తుంది. "మీకు కోపం వచ్చిందని తెలుస్తోంది, దేని గురించో అందలేదు" అనడం నిజాయితీ. అర్థమైనట్టు "ఊఁ ఊఁ" అని తల ఊపడం ఆ పూటకు తేలిక, కానీ ఆయన చెప్పిన పని జరగనప్పుడు మోసం బయటపడుతుంది. మాట ధారగా పోతుంటే చెయ్యి ఎత్తి నెమ్మదిగా ఆపి, కాగితం మీద ఒక పదం రాసి చూపించి "దీని గురించేనా?" అనవచ్చు. ఆయన తప్పు పలుకుతున్నాడని వాదించి ఒప్పించడం మాత్రం వృథా, ఆ తప్పు ఆయన చెవికి తప్పుగా వినిపించడమే లేదు.

పాట పాడతాడు, నీళ్ళు అడగలేడు

ఇంట్లో గొడవలకు పెద్ద కారణం ఇంకొకటి. నీళ్ళు కావాలని అడగలేని మనిషి ఒకటి నుంచి పది వరకు గడగడా లెక్కపెడతాడు, పాత పాట పల్లవి మొత్తం పాడతాడు, ప్రార్థన తప్పు లేకుండా చదువుతాడు, చిరాకొస్తే తిట్టు స్పష్టంగా తిడతాడు. "తిట్టడానికి మాటలొస్తాయి, అడిగితే మాత్రం రావా?" అని మనసు నొచ్చుకోవడం సహజమే. కానీ బాగా అలవాటై, వరుసగా, ఆలోచించకుండా వచ్చే మాటలకూ, అప్పటికప్పుడు వెతికి కూర్చే మాటకూ మెదడులో దారులు వేరు. మొదటివాటిలో కుడి మెదడుకూ, లోపలి భాగాలకూ పెద్ద పాత్ర ఉందని భావిస్తారు. రాగయుక్తంగా పలికించి మాట వైపు తీసుకెళ్ళే మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీని 1970లలో అమెరికాలో తయారుచేసింది ఈ గమనిక నుంచే. అలాగని పాట పాడగలిగినంత మాత్రాన మాట వచ్చేసినట్టు కాదు. పల్లవిలో ఉన్న "నీళ్ళు" అనే పదాన్ని దాహం వేసినప్పుడు విడిగా తీసి వాడుకోవడం ఆయన వల్ల కాదు.

ఇక్కడి నుంచే ఒక చెడ్డ అలవాటు పుడుతుంది. "నీళ్ళు అను, అప్పుడే గ్లాసు ఇస్తా" అని ఆపి ఉంచడం. అలవాటవుతుందనే మంచి ఉద్దేశంతోనే చేస్తారు. పదం నాలుక మీదకు రాకపోవడం పట్టుదల లేక కాదు, టెన్షన్ పెరిగితే అది ఇంకా దూరం పోతుంది. సాధన చేయించాలంటే దానికి వేరే సమయం, థెరపిస్ట్ చెప్పిన పద్ధతి ఉండాలి. దాహం వేసిన మనిషికి నీళ్ళిచ్చి, ఇస్తూ "నీళ్ళు" అని మామూలుగా పలికితే చాలు. తప్పు పదంతో అడిగినా విషయం అందితే ఆ పదాన్ని సరిదిద్దకుండా సంభాషణను ముందుకు తీసుకెళ్ళాలి.

పదం కోసం ఆయన వెతుకుతున్నప్పుడు ఎంతసేపు ఆగాలి? మామూలు సంభాషణలో రెండు సెకన్ల మౌనమే ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు వెంటనే పదం అందించేస్తారు. పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అవసరం. కళ్ళు మన వైపు తిరిగి సాయం అడిగినప్పుడో, "చెప్పనా?" అంటే ఒప్పుకున్నప్పుడో అందించవచ్చు. ఒకసారి పలికిన పదమే తర్వాతి ప్రశ్నలన్నిటికీ జవాబుగా అతుక్కుపోతే, కాసేపు ఆపి, వేరే పని చేసి, మళ్ళీ మొదలుపెట్టడం మంచిది. సాయంత్రానికి అలసిపోయి పొద్దున్న వచ్చిన మాట కూడా రాకపోవడం మామూలే. ముఖ్యమైన విషయాలు పొద్దున్న మాట్లాడుకోవాలి. నలుగురూ ఒకేసారి మాట్లాడే గదిలో, ఫోన్‌లో, అఫేజియా ఉన్న మనిషి మిగతా చోట్లకన్నా చాలా బలహీనంగా కనిపిస్తాడు. ఫోన్‌లో ముఖం, సైగ, కాగితం ఏవీ ఉండవు. వీడియో కాల్ కొంత నయం.

రెండు భాషలు తెలిసినవాళ్ళకు ఒక భాష ముందు తిరిగొచ్చి ఇంకోటి ఆలస్యం కావచ్చు, రెండూ కలిసిపోయి రావచ్చు. ఏ భాష ముందొస్తుందో ఖచ్చితంగా చెప్పే సూత్రం లేదు. వచ్చిన మాటను వచ్చిన భాషలోనే తీసుకోవాలి.

కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఆరు నెలలు దాటితే ఇక రాదని చెప్పే మాట ఇప్పటికీ వినిపిస్తుంది, అది సరికాదు. థెరపీతో ఏడాది, రెండేళ్ళ తర్వాత కూడా మెరుగైనవాళ్ళు ఉన్నారు. అయితే తీవ్రమైన అఫేజియా ఉన్న కొందరికి మాట పూర్తిగా తిరిగిరాదు. వాళ్ళ విషయంలో కాగితం, ఫొటోలు, సైగలు మాట వచ్చేదాకా నెట్టుకొచ్చే ఏర్పాటు కాదు, అవే వాళ్ళ భాష. వాటిని వాడితే మాటకు బద్ధకం అలవాటవుతుందన్న భయానికి ఆధారం లేదు.

డబ్బు, ఆస్తి, ఆపరేషన్ లాంటి వాటిలో ఆయన ఒప్పుకోలు కావలసినప్పుడు తొందర పనికిరాదు. విషయాన్ని చిన్న ముక్కలుగా విడదీసి, పైన చెప్పినట్టు రాసి, రెండు వైపుల నుంచీ అడిగి, మర్నాడు మళ్ళీ అడిగినా అదే జవాబు వస్తే అది ఆయన నిర్ణయం. వీలైతే స్పీచ్ థెరపిస్ట్ ఎదురుగా అడగడం మంచిది. సంతకం పెట్టే చెయ్యి వణికిందని, మాట రాలేదని ఆ హక్కు పోదు.

ఎంత ప్రయత్నించినా కొన్ని సంభాషణలు తేలవు. అప్పుడు "ఇప్పటికి నాకు అందలేదు. వదిలేయడం లేదు, రేపు పొద్దున్న చూద్దాం" అని చెప్పి, అప్పటిదాకా దొరికిన పదాలు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోవాలి, మర్నాడు ఆ పేజీ నుంచే మొదలుపెట్టాలి. అలసట వల్ల మాట తగ్గడం నెమ్మదిగా జరుగుతుంది, విశ్రాంతితో తిరిగొస్తుంది. అలా కాకుండా, ఉన్న మాట ఉన్నట్టుండి పోయినా, ముఖం ఒక పక్కకు జారినా, చెయ్యి పడిపోయినా అది ఇంకో స్ట్రోక్ కావచ్చు. అప్పుడు నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆయన చివరిసారి మామూలుగా ఎన్ని గంటలకు ఉన్నారో గుర్తుంచుకుని డాక్టర్‌కు చెప్పాలి, ఏ చికిత్స ఇవ్వవచ్చో తేల్చడానికి వాళ్ళు మొదట అడిగేది ఆ సమయమే.